క్యాటరింగ్ లెటర్ రాసే ముందు ఆకుల లెక్క తేల్చండి

ప్రశ్న: పెళ్ళికి మాట్లాడుకున్న క్యాటరింగ్ అతను చెప్పినవన్నీ పెట్టలేదు, భోజనం కూడా చాలలేదు. ఇచ్చిన అడ్వాన్స్‌లో కొంత వెనక్కి ఇమ్మని లెటర్ రాయాలనుకుంటున్నాం. ఎలా రాయాలి? రాస్తే ఇస్తారా?

ఇస్తారు. అయితే ఎంత ఇవ్వాలో, ఆ మొత్తం ఎలా వచ్చిందో మీ లెటర్‌లో పైసాతో సహా ఉండాలి. "మా పరువు పోయింది, మొత్తం డబ్బు వాపసు ఇవ్వండి" అని రాస్తే ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోరు. తిన్న భోజనానికి డబ్బు ఇవ్వక తప్పదు కదా.

మా చెల్లెలి పెళ్ళి అనంతపురంలో ఒక కల్యాణ మండపంలో చేశాం. పొద్దున టిఫిన్ 300 మందికి, మనిషికి 80 రూపాయలు. ముహూర్తం భోజనం 500 ఆకులు, ఆకుకు 240. ఆ 240లో ఓళిగకు, నెయ్యికి కలిపి 30 రూపాయలని విడిగా రాయించాం. మా జేజి పట్టుబట్టి రాయించిన మాట అది. మొత్తం 1,44,000. అందులో 1,20,000 ముందే ఇచ్చాం. సామాన్లు కొనాలని అడిగితే కాదనలేం. మాఘమాసంలో మంచి వంటవాళ్ళు దొరకడమే కష్టం.

పెళ్ళిరోజు పొద్దున ఉగ్గాని, బజ్జి, ఇడ్లీ రావాలి. ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే "దోవలో ఉన్నామన్నా" అన్నాడు. అదే ముహూర్తానికి ఇంకో ఊర్లో కూడా పెళ్ళి ఒప్పుకుని, మనుషులను అక్కడికి పంపేశాడని తర్వాత తెలిసింది. ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకునేవాళ్ళ మీద నాకు చాలా కోపం. రెండు చోట్లా పనిచేసే మనుషులు లేనప్పుడు ఒకటి వద్దనడానికి ఏం అడ్డం? మగపెళ్ళివాళ్ళు కాఫీతోనే కూర్చుంటే మా చిన్నాయన పరుగెత్తుకుపోయి హోటల్ నుంచి ఇడ్లీలు పట్టించుకొచ్చాడు. మధ్యాహ్నం నాలుగు పంక్తులు లేచేసరికి అన్నం, పప్పు అయిపోయాయి. ఓళిగలు అసలు లేవు. వాటి బదులు కొనుక్కొచ్చిన లడ్డూలు వేశారు. చివర మిగిలింది మా అమ్మవైపు చుట్టాలు, ఊరినుంచి బస్సులో వచ్చినవాళ్ళు. వాళ్ళకు మెస్ నుంచి పార్సెళ్ళు తెప్పించాం. వాళ్ళు ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నాకు బాధే.

ఇక లెటర్ సంగతి. క్యాటరింగ్ అతను మొదట అనే మాట ఎక్కడైనా ఒకటే: "మీవాళ్ళే ఎక్కువమంది వచ్చారు, మేం చెప్పినంత వండాం." దీనికి జవాబు పంక్తిలోనే ఉంది. మా మండపం డైనింగ్ హాల్లో ఒక పంక్తికి 95 కుర్చీలు. నాలుగు పంక్తులంటే 380 ఆకులు. ఐదో పంక్తి కూర్చున్నాక వడ్డన ఆగిపోయింది. పెళ్ళి వీడియోలో ప్రతి పంక్తీ టైముతో సహా ఉంది, ఖాళీ గిన్నెలు కూడా ఉన్నాయి. అందుకే వీడియోగ్రాఫర్‌కు ఆ రోజే ఫోన్ చేసి, ఎడిటింగ్‌కు ముందున్న ఫుటేజ్ చెరపొద్దని చెప్పండి. ఆల్బమ్ కోసం కట్ చేసిన వీడియోలో ఇవేవీ ఉండవు. బఫే అయితే ఈ లెక్క చెప్పడం కష్టం. అప్పుడు వాడిన ప్లేట్ల లెక్క, మండపం మేనేజర్ మాటే దిక్కు.

తర్వాత నష్టాన్ని మూడుగా విడదీయాలి: రానిది, తక్కువొచ్చింది, మారిపోయింది. టిఫిన్ రాలేదు కాబట్టి 24,000 పూర్తిగా పోతుంది. భోజనంలో 120 ఆకులు తక్కువ, 240 చొప్పున 28,800. ఓళిగకు బదులు లడ్డూ వేశారు. 30లో లడ్డూకు పది రూపాయలు వదిలేసి, 380 ఆకులకు 20 చొప్పున 7,600 పట్టాం. ఈ మూడూ 1,44,000లోంచి తీసేస్తే అతనికి న్యాయంగా రావాల్సింది 83,600. మేం ఇచ్చింది 1,20,000. వెనక్కి రావాల్సింది 36,400, ఇక బాకీ 24,000 కట్టక్కర్లేదు.

ఇక్కడే చాలామంది లెక్క చెడగొడతారు. మా చిన్నాయన కూడా హోటల్ బిల్లు, మెస్ బిల్లు పైన కలపమన్నాడు. కలపకూడదు. రాని ఆకులకు డబ్బు ఇవ్వనన్నప్పుడు, అదే ఆకుల బదులు తెచ్చిన పార్సెళ్ళ ఖర్చు కూడా అడిగితే ఒకే నష్టానికి రెండుసార్లు అడిగినట్టు. బయట తెచ్చిన దానికి అతని రేటు కంటే ఎక్కువ పడితే ఆ ఎక్కువ మాత్రమే అడగొచ్చు. మాకు తక్కువే పడింది, కాబట్టి అడగలేదు. బిల్లులు మాత్రం జత చేశాం, కొరత నిజమని అవి చెబుతాయి కాబట్టి.

లెటర్ ఒక పేజీ దాటలేదు. ముఖ్యమైన భాగం ఇది:

"మీరు సంతకం చేసి ఇచ్చిన మెనూ కాగితం ప్రకారం టిఫిన్ 300 మందికి, భోజనం 500 ఆకులకు ఒప్పుకున్నారు. టిఫిన్ రాలేదు. భోజనం 380 ఆకులకే సరిపోయింది. ఓళిగలు వడ్డించలేదు. లెక్క కింద ఇచ్చాము. దాని ప్రకారం మీరు మాకు 36,400 రూపాయలు తిరిగి ఇవ్వాలి. ఈ లెటర్ అందిన 15 రోజుల్లోపు చెల్లించగలరు. లెక్కలో తప్పుంటే ఏ అంకె తప్పో రాసి చెప్పండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాము."

మెనూ కాగితం, డబ్బు పంపిన ఫోన్‌పే వివరాలు, బిల్లులు, ఫొటోల కాపీలు జత చేసి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్ట్‌లో పంపండి. అదే వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఒరిజినల్స్ మాత్రం ఇవ్వొద్దు.

రశీదు కింద "అడ్వాన్స్ వాపసు ఇవ్వబడదు" అని అచ్చు వేసి ఉంటుంది. దానికి భయపడకండి. మీరు పెళ్ళి రద్దు చేసుకుంటే ఆ మాట గురించి వాదించొచ్చు గానీ, అతను వండని అన్నానికి అది వర్తించదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, మాట ఇచ్చిన సేవ సరిగా చేయకపోవడం సేవాలోపమే. మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పుకోవచ్చు. అయితే గడువుంది కదా అని ఆగొద్దు. నెలలు గడిస్తే మండపం మేనేజర్‌కు కూడా ఏదీ గుర్తుండదు.

మా పెద్దవాళ్ళు "శుభకార్యం జరిగిపోయింది, ఇప్పుడు గొడవెందుకు" అన్నారు. ఆ మాటే ఇలాంటివాళ్ళకు ధైర్యం. మగపెళ్ళివాళ్ళ ముందు తలవంచుకున్నది మా నాన్న, అతను కాదు.

లెటర్ అందాక అతనే ఫోన్ చేశాడు. "అన్నా, లడ్డూ బాగుంది కదా, దానికీ కోస్తారా?" అన్నాడు. ఆకుల లెక్క మీద మాత్రం నోరెత్తలేదు. చివరికి ఓళిగల కోత వదులుకుని, 28,800కు ఒప్పుకున్నాం. రెండు విడతల్లో ఇస్తానన్నాడు. అందుకే మొదటి విడత తీసుకున్నప్పుడు "పూర్తి పరిష్కారం" అని రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. ఇంత ముట్టింది, ఇంత ఫలానా తేదీకి రావాలి అని మాత్రమే రాసిచ్చాను. రెండో విడత అకౌంట్లో పడ్డాకే ఇక మాకు బాకీ లేదని రాసి సంతకం పెట్టాను.