టైటిల్ రాసే మనిషికి ఏం చెప్పాలి

తమ్ముడూ,

నీ ‘పెద్దింటి వాటా’ పోస్టర్ చూశాను. స్క్రిప్టు ముందే చదివాను కాబట్టి సరిపోయింది, లేకపోతే దెయ్యాల కథ అనుకునేవాణ్ణి. అన్నదమ్ములు వంటింటి మధ్య గోడ కట్టుకుని గ్యాస్ బండ కోసం కొట్లాడుకునే కామెడీకి ఎర్రటి పగుళ్ల అక్షరాలెందుకు? డిజైనర్ని ఏమీ అనకు. ‘పవర్‌ఫుల్‌గా ఉండాలి’ అన్నావట, అతను అదే చేశాడు. యూట్యూబ్‌లో ఆ పగుళ్లు చూసి నొక్కినవాడు బండ గొడవ మొదలవగానే వెళ్లిపోతాడు. నవ్వుకుందామని వచ్చేవాడు అసలు నొక్కడు.

అతనికి కథంతా చెప్పక్కర్లేదు. బండ సీను చదివించు. నీ స్క్రిప్టులోనే గేటు మీద పెయింటర్ కుంచెతో రాసిన ఇంటిపేరు ఉంది కదా, టైటిల్ ఆ చేతిరాతలోనే రావాలని చెప్పు. అప్పుడు పోస్టర్ మీదా, మొదటి షాట్‌లోనూ ఒకే రాత కనబడుతుంది.

ఇక అసలు చిక్కు ‘ద్ది’ దగ్గరుంది. రెండు వరుసల్లో రాస్తే దాని ఒత్తు కిందికి దిగి ‘వాటా’ నెత్తికి తగులుతోంది. అందుకని అతను వరుసల మధ్య ఎడం పెంచాడు. దాంతో అవి రెండు వేర్వేరు పేర్లలా ఉన్నాయి. ఎడం తగ్గించి, ‘వాటా’ని కాస్త ఎడమకి జరిపి, ఒత్తు సరిగ్గా ‘వా’కీ ‘టా’కీ మధ్య దిగేలా రాయమను. వాటాల మధ్య గోడ అక్కడే లేస్తుంది! ఇలాంటిది రెడీమేడ్ ఫాంట్‌తో కుదరదు, చేత్తో గీయాల్సిందే. కింద పడే పేర్లకు మాత్రం మామూలు ఫాంట్ చాలు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర లాంటివి పోస్టర్లకు ఉచితంగా వాడుకోవచ్చు.

రంగులు వెయ్యకముందే నలుపు తెలుపుల్లో స్కెచ్ తెప్పించుకుని, ఫోన్‌లో బొటనవేలి గోరంతకి కుదించి చూడు. ఒత్తు ముద్దగా మారి ‘పెదింటి’లా కనిపిస్తే గీత సన్నబడాలి, లోపలి ఖాళీ పెరగాలి. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో కుడివైపు కింద మూలన నిడివి అంకె కూర్చుంటుంది, టైటిల్‌ని అటు పోనివ్వకు. కథ తెలియనివాళ్లకి ఆ స్కెచ్ ఒక్కటే చూపించి ‘ఇది ఎలాంటి కథ?’ అని అడుగు. ‘బాగుంది’ అంటే లెక్కలోకి తీసుకోకు. ‘ఇంటి గొడవ, సరదాగా ఉంటుందేమో’ అంటే రంగుల దాకా వెళ్లొచ్చు.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఇప్పుడే తేల్చుకో. నీ పోస్టర్ మీద Vaata, ఇన్‌స్టా పేజీలో Vata ఉన్నాయి, వెతికేవాళ్లు రెండు దారులు పడతారు. Vaata ఉంచు, దీర్ఘం తెలుస్తుంది.

చివరికి ఫైలు తీసుకునేటప్పుడు టైటిల్ ఒక్కటే విడిగా, వెనక రంగు లేకుండా, ఎంత పెంచినా చెదరని వెక్టర్‌లో అడుగు. నిలువు పోస్టర్‌కీ, అడ్డం బ్యానర్‌కీ దాన్నే వాడాలి. టీజర్ ఎడిటర్‌కి కూడా అదే పంపు, లేకపోతే అతను తన దగ్గరున్న ఫాంట్‌లో మళ్లీ కొట్టేస్తాడు. స్కెచ్ రాగానే నాకు వాట్సాప్ చెయ్యి.

మీ అన్నయ్య