అరవై సెకన్లలో ఎన్ని మాటలు పడతాయి?

"మేడమ్, నాది దిల్‌సుఖ్‌నగర్. జర్నలిజం డిగ్రీ అయిపోయింది. మాదాపూర్‌లో ఒక యాడ్ ఏజెన్సీ వాళ్లు స్క్రిప్ట్ రైటర్ ఉద్యోగానికి టెస్ట్ ఇచ్చారు. నీళ్ల ట్యాంకు నిండితే మోగే చిన్న అలారం గురించి ఆరు క్లిప్పులు, మొత్తం 60 సెకన్లు. క్లిప్పుల నిడివి మార్చకుండా తెలుగులో వాయిస్ ఓవర్ రాయాలి. నిమిషానికి 150 మాటలు అని ఎక్కడో చదివి 145 రాశాను. పైకి చదివితే నిమిషం నలభై సెకన్లు వస్తోంది. ఏది కోయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నేను ఈ పనికి పనికొస్తానా?"

ఆ 150 లెక్క ఇంగ్లీషుది. మన మాట ఒక్కోటి సగటున మూడు నాలుగు అక్షరాలు ఉంటుంది, విభక్తులూ క్రియలూ అతుక్కుని ఇంకా సాగుతుంది. అందుకే తెలుగులో మాటలు కాదు, పలికే అక్షరాలు లెక్కపెట్టాలి. వత్తు ఉన్నా అది ఒకటే అక్షరం, పొల్లును వదిలేయాలి. పేపర్లో ఒక పేరా తీసుకుని, కొత్త మనిషికి వివరిస్తున్నంత నిదానంగా 30 సెకన్లు చదివి, ఎన్ని అక్షరాలు వచ్చాయో చూడండి. నాకు 150 దాకా వస్తాయి, అంటే సెకనుకు ఐదు. ప్రతి క్లిప్పుకూ ముందు అర సెకను, వెనక అర సెకను ఖాళీ వదలండి. లేకపోతే బొమ్మ మారేచోట మాట తెగినట్టు వినిపిస్తుంది. ఆరు క్లిప్పులకు ఆరు సెకన్లు పోగా మిగిలే 54 సెకన్లలో 270 అక్షరాలు పడతాయి. మాటల్లో చెబితే డెబ్బై చిల్లర. అంటే మీరు కోయాల్సింది సగం.

మీ నాలుగో క్లిప్పు చూద్దాం. ఆరు సెకన్లు. ఎవరిదో చెయ్యి ట్యాంకులోకి వైరు దింపుతుంది. మీరు రాసింది: "ఈ పరికరంలోని సెన్సర్‌ను ట్యాంకు పైభాగంలో అమర్చినట్లయితే నీటి మట్టం ఆ స్థాయికి చేరుకున్న వెంటనే అలారం మోగడం జరుగుతుంది." మొత్తం 49 అక్షరాలు, దాదాపు పది సెకన్లు. ఆ క్లిప్పులో పట్టేది 25. చెయ్యి, ట్యాంకు, పైభాగం తెర మీద కనిపిస్తూనే ఉన్నాయి కదా, వాటిని మళ్లీ చెప్పక్కర్లేదు. "మోగడం జరుగుతుంది" మునిసిపల్ నోటీసు భాష, "మోగుతుంది" చాలు. బొమ్మ చెప్పలేని సంగతి ఒక్కటే: నీళ్లు తాకితే మోగుతుందని. "ఈ వైరు ట్యాంకులో వేలాడాలి. నీళ్లు తాకగానే మోగుతుంది." ఇరవై అక్షరాలు. మధ్యలో చుక్క దగ్గర ఊపిరి తీసుకోవడానికి కూడా చోటు మిగిలింది.

ఇంకో చిక్కు అంకెలు. చివరి క్లిప్పు పది సెకన్లు, అందులో "ధర ₹499" అని రాశారు. కాగితం మీద మూడు అంకెలే, నోటితో "నాలుగు వందల తొంభై తొమ్మిది రూపాయలు". పదిహేను అక్షరాలు, మూడు సెకన్లు పోయినట్టే. నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక చిన్న స్టూడియోకి రాసేదాన్ని. ఒకసారి పది అంకెల ఫోన్ నంబరు స్క్రిప్టులో పెట్టేశాను. పాపం, చదివే ఆయన ఆఖరి నాలుగు అంకెలూ మింగేశారు. ధర తెర మీద ఎలాగూ ఉంది కాబట్టి "ఐదు వందల లోపే" అనండి, ఏడు అక్షరాలతో సరిపోతుంది. నంబరును బొమ్మకే వదిలేయండి.

ఐదో క్లిప్పు 14 సెకన్లు, అన్నిటికంటే పొడుగు. ఖాళీ దొరికింది కదా అని మీరు దాన్ని పూర్తిగా నింపేశారు. అందులో అలారం నిజంగా మోగే చప్పుడు ఉంది. దాని మీద మాట పడితే ఆ వస్తువు చేసే ఒకే ఒక్క పని వినపడకుండా పోతుంది. అక్కడ రెండు సెకన్లు నోరు మూసుకోవాలి.

క్రియ చివర రావడం వల్ల మనకు ఒక ఇబ్బంది ఉంది. పొడుగు వాక్యం రెండు క్లిప్పుల మీదికి పాకితే, నీళ్లు పొర్లే బొమ్మ వెళ్లిపోయాక "పొర్లిపోతాయి" అని వినిపిస్తుంది. మీ మొదటి రెండు క్లిప్పుల మధ్య అదే జరిగింది. ఏ క్లిప్పు వాక్యం ఆ క్లిప్పులోనే ముగించండి. "అలారం" అన్న మాట కూడా డబ్బా తెర మీదికి వచ్చే మూడో క్లిప్పు దాకా రానివ్వకండి.

రాశాక మీరు చదివి చూసుకుంటే చాలదు. తెలిసిన వాక్యం కాబట్టి నాలుక పరిగెడుతుంది. ఇంట్లో ఎవరి చేతికైనా కాగితం ఇచ్చి, ఫోన్‌లో వీడియో మ్యూట్ చేసి చూస్తూ చదవమనండి. ఆఖరి మాటల దగ్గర గొంతు వేగం పెరిగితే ఆ క్లిప్పులో ఇంకో నాలుగైదు అక్షరాలు తీసేయాలి.

పనికొస్తారా అన్నారు. పైకి చదివి, గడియారం చూసి తప్పు పట్టుకున్నారంటే సగం పని మీకు వచ్చినట్టే. ఏజెన్సీకి పంపేటప్పుడు ఒక టేబుల్ వేసి క్లిప్పు నంబరు, 00:00–00:08 లాగా సమయం, మాటలు, అక్షరాల లెక్క పక్కపక్కన పెట్టండి. ఐదో క్లిప్పు ఎదురుగా "ఇక్కడ 2 సెకన్లు అలారం చప్పుడు మాత్రమే" అని రాయండి. రాయకపోతే అక్కడ మర్చిపోయారనుకుంటారు.