పార్కులో ఉచితం, హాల్లో ఫీజు: నా బ్యాచ్ నిలబడిన తీరు

ప్రశ్న: మూడు నెలలుగా వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక పార్కులో పొద్దున్నే యోగా చెబుతున్నాను. ఉచితంగా చెప్పినన్నాళ్లూ ఇరవై మంది దాకా వచ్చారు. పోయిన నెల ఫీజు అన్నాను, ఐదుగురు మిగిలారు. ఎంత తీసుకోవాలి? చేరినవాళ్లు మానకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు:

మాది మదనపల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాను. కాడుగోడి వైపు ఏడేళ్లుగా చిన్న బ్యాచ్‌లకు చెబుతున్నాను. మొదటి ఏడాది నాకు పద్దెనిమిది మందిలో నలుగురు మిగిలారు. అంటే మీ కంటే ఒకరు తక్కువే.

అప్పట్లో ఫీజు ఎక్కువైందేమో అనుకుని సగానికి తగ్గించాను. ఒక్కరూ తిరిగి రాలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, వాళ్లు నా దగ్గరికి యోగా కోసం రాలేదు. వాకింగ్‌కి వచ్చారు, దారిలో నేను కనిపించాను. డబ్బులు కట్టేవాళ్లు వేరే రకం మనుషులు. వాళ్లకు ఫలానా సమయానికి ఫలానా చోట క్లాస్ ఉంటుందన్న నమ్మకం కావాలి. వాన పడితే లేదు, ఆదివారం క్రికెట్ పిల్లలు వస్తే లేదు అనే చోట ఎవరూ నెల ఫీజు కట్టరు.

అందుకే ముందు పార్కులో డబ్బులు తీసుకోవడం ఆపేయండి. పార్కు కార్పొరేషన్ ఆస్తి. కర్ణాటకలో పార్కులు, ఆటస్థలాల రక్షణకు 1985 నాటి చట్టమే ఉంది. అనుమతి లేకుండా అక్కడ ఫీజు క్లాస్ నడిపితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అడుగుతారు. నన్ను అడిగింది రోజూ వాకింగ్‌కి వచ్చే పెద్దాయన. అందరూ మ్యాట్ల మీద పడుకుని ఉన్నారు, శవాసనం చేయిస్తున్నాను. ఆయన వచ్చి నిలబడి, "పర్మిషన్ ఇదెయా మేడమ్?" అన్నాడు. నా దగ్గర కాగితం లేదు. పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే తలెత్తి చూశారు. మర్నాడు తొమ్మిది మందే వచ్చారు.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఆదివారం పొద్దున ఏడింటికి పార్కులో ముప్పావు గంట క్లాస్, పూర్తిగా ఉచితం. అక్కడ ఫీజు మాటే ఎత్తను, బ్యానర్ కట్టను. సోమ, బుధ, శుక్రవారాల్లో హాల్లో ఫీజు క్లాస్. బ్యాచ్‌కి పన్నెండు మందే. ఆదివారం వచ్చినవాళ్లలో ఎవరికైనా ఇంకా కావాలనిపిస్తే వాళ్లే అడుగుతారు. జూన్ 21 యోగా దినోత్సవం తర్వాత రెండు ఆదివారాలు జనం బాగా వస్తారు. ఆ గుంపును చూసి పెద్ద హాలు మాత్రం మాట్లాడుకోకండి, జూలైకి పల్చబడిపోతారు.

హాలు విషయంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. గుడి పక్కన చిన్న ఫంక్షన్ హాలు పై అంతస్తు గంటకు 250 రూపాయలకు దొరికింది. గాలి, వెలుతురు బాగున్నాయి, బాత్రూమ్ కూడా ఉంది. సంబరపడి అడ్వాన్స్ ఇచ్చాను. శ్రావణ మాసం వచ్చేసరికి ముహూర్తాలు మొదలయ్యాయి. క్లాస్‌కి వెళ్తే హాల్లో వంటవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. ఆ నెలలో నాలుగు క్లాసులు పోయాయి, ఇద్దరు మెంబర్లూ పోయారు. మీరు హాలు మాట్లాడేటప్పుడు ముహూర్తం రోజుల సంగతి ముందే అడగండి. కనీసం వారం ముందు చెబుతామని కాగితం మీద రాయించుకోండి. ఆ రోజులకు అపార్ట్‌మెంట్ టెర్రస్ లాంటి రెండో చోటు చూసి పెట్టుకోండి.

ఇక మనుషులు మానేయడం గురించి. కొత్తవాళ్లలో ఎక్కువమంది మానేది మొదటి రెండు వారాల్లోనే. అందులో సగం తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ట్రయల్ క్లాస్ అనగానే మనకు వచ్చిందంతా చూపించాలనిపిస్తుంది. నేను మొదటి రోజే పన్నెండు సూర్యనమస్కారాలు, వీరభద్రాసనం, నౌకాసనం చేయించేదాన్ని. వాళ్లు చెమటలు తుడుచుకుంటూ "సూపర్ మేడమ్" అని వెళ్లేవాళ్లు. మళ్లీ కనిపించేవాళ్లు కాదు.

అలవాటు లేని ఒంటికి పని చెబితే కండరాల నొప్పి అప్పటికప్పుడు రాదు. మర్నాడు మొదలై రెండో రోజుకు బాగా ముదురుతుంది, మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. అంటే సోమవారం గట్టిగా చేయిస్తే బుధవారం క్లాస్ సమయానికి నొప్పి బాగా ముదిరి ఉంటుంది. ఆఫీసులో రోజంతా కూర్చునే మనిషికి మెట్లు దిగడమే కష్టమైన రోజు మళ్లీ క్లాస్‌కి ఎందుకొస్తాడు?

అందుకే ఇప్పుడు ట్రయల్ ఒక్క రోజు కాదు, ఒకే వారంలో మూడు క్లాసులు. సోమవారం మెడ, భుజాలు, నడుము, మడమలు కదిలించడం, తాడాసనం, మార్జాలాసనం, కుర్చీ పట్టుకుని సగం వరకు గుంజీళ్లు ఒక ఎనిమిది. సూర్యనమస్కారం విడి విడి భంగిమలుగా రెండు సార్లు, నెమ్మదిగా. చివర పది నిమిషాలు పడుకోబెట్టడం. "ఇంతేనా?" అని కొందరు అంటారు. అననివ్వండి. ఇంటికి పంపేముందు ఒక మాట చెబుతాను: "రేపు తొడలు కొంచెం లాగుతాయి, అది మామూలే, బుధవారం రండి, కదిలితే హాయిగా ఉంటుంది. కీలు లోపల పొడిచినట్టున్నా, వాచినా, కాలు తిమ్మిరెక్కినా మాత్రం చేయొద్దు, నాకు ఫోన్ చేయండి." ముందే చెప్పిన నొప్పికి జనం భయపడరు. చెప్పని నొప్పి వస్తే మన క్లాస్ వల్ల ఏదో అయిందనుకుంటారు.

చేరే రోజే ఒక అర పేజీ కాగితం నింపిస్తాను: బీపీ, షుగర్ మందులు, ఆపరేషన్లు, డిస్క్ సమస్య, గ్లాకోమా, గర్భం. బీపీ ఎక్కువున్నవాళ్లకూ గర్భిణులకూ కపాలభాతి, ఊపిరి బిగబట్టడం లేవు. గ్లాకోమా ఉంటే తల కిందికి వంచే ఆసనాలు లేవు. డాక్టరు వద్దన్నది నేను చేయించను. కొందరు దాస్తారు, అది వేరే సంగతి.

రెండోది హాజరు పుస్తకం. వాట్సాప్ గ్రూపు కాదు, కాగితం పుస్తకమే. వరుసగా రెండు క్లాసులు రాకపోతే పేరు పక్కన చుక్క పెడతాను. మూడో క్లాస్ లోపు ఫోన్ చేస్తాను. మూడూ పోయాక చేస్తే ఆలస్యమే, అప్పటికి మనసులో మానేసి ఉంటారు. "ఎందుకు రావట్లేదు?" అని అడగకండి, ఊరెళ్లానని అబద్ధం చెబుతారు. "ఏ ఆసనమైనా ఇబ్బందిగా ఉందా?" అని అడగండి.

నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక ఆంటీ అలాగే ఆగిపోయారు. మొదట మోకాళ్ల నొప్పులన్నారు. మోకాళ్ల సంగతి కాగితంలో ఉంది, సుఖాసనానికి బదులు కుర్చీ కూడా ఇచ్చాను. మరి ఏంటని మెల్లగా అడిగితే అసలు మాట చెప్పారు. "పడుకోవడం వరకు పర్లేదమ్మా. లేవడానికే... అందరూ లేచి మ్యాట్లు చుట్టేస్తుంటే నేనింకా దొర్లుతా ఉండా. సిగ్గుగా ఉండాది."

మర్నాడు ఆవిడను పావుగంట ముందు రమ్మన్నాను. పక్కకు తిరగడం, మోచేతి మీద ఆనడం, చేతులూ మోకాళ్ల మీదికి రావడం (మోకాళ్ల కింద దుప్పటి మడత), కుర్చీ సీటు మీద రెండు చేతులూ పెట్టడం, నొప్పి తక్కువున్న కాలు ముందుకు వేసి ఊపిరి వదులుతూ లేవడం. ఐదుసార్లు చేయించాను. మూడోసారికే నవ్వుతూ లేచారు. ఆ తర్వాత శవాసనం అయ్యాక లేవడాన్ని మొత్తం బ్యాచ్‌కి ఒక వ్యాయామంగా మార్చేశాను, అందరూ నెమ్మదిగా అలాగే లేస్తారు. ఆవిడ తర్వాత వాళ్ల బ్లాక్ నుంచి ఇద్దరిని తీసుకొచ్చారు. నా ప్రకటనలన్నీ కలిపినా అంత పని చేయలేదు.

ఫీజు లెక్కకొద్దాం. క్లాస్‌కి వంద చొప్పున తీసుకోవడం నేను ఆరు నెలలు చేసి వదిలేశాను. వంద మిగులుతుందిలే అని వాన రోజు రారు, హాలు అద్దె మాత్రం మనం కట్టాలి. నెలకు 1200, ముందే. ఎవరు ఎప్పుడు చేరినా లెక్క ఒకటో తారీఖు నుంచే. మధ్యలో చేరితే ఆ నెలకు సగం. ఒక్కొక్కరికీ ఒక్కో తారీఖు పెట్టుకుంటే నెలంతా డబ్బులు అడగడమే పనవుతుంది, నాకైతే అది ఆసనాల కన్నా కష్టం.

మీ ఐదుగురితోనే వేసి చూడండి. నెలకు పదమూడు క్లాసులు, గంటకు 250 అంటే అద్దె 3250. ఐదుగురు 6000 ఇస్తారు. మీకు మిగిలేది 2750, తక్కువే, కానీ చేతి నుంచి పోదు. పన్నెండు మంది అయితే 14,400లో 11,150 మిగులుతుంది. ఒక్క బ్యాచ్‌తో బెంగళూరులో ఇల్లు గడవదు. మంగళ, గురు, శనివారాల్లో రెండో బ్యాచ్ పెట్టాల్సిందే. దాన్ని మొదటిది పదికి చేరాకే తెరవండి. రెండు సగం బ్యాచ్‌లు నడిపితే రెండు అద్దెలు కట్టాలి.

మన తెలుగువాళ్లతో ఒక ప్రత్యేకత ఉంది. సంక్రాంతికి వారం, దసరా సెలవులకు పది రోజులు, పరీక్షలయ్యాక వేసవిలో నెల, నెలన్నర ఊరికి వెళ్లిపోతారు. మొదట్లో రాని రోజులకు ఫీజు వాపసు లేదన్నాను. ఊరికి వెళ్లే ముందు నెలే మానేసి, తిరిగొచ్చాక మొహం చాటేసేవాళ్లు. ఇప్పుడు రూలు మార్చాను: ముందే చెప్పి పదిహేను రోజులకు మించి వెళ్తే సగం నెల ఫీజు వచ్చే నెలకు జమ, సీటు కూడా వాళ్లదే. చెప్పకుండా వెళ్తే జమ లేదు. మే నెలలో నా ఆదాయం సగమవుతుంది, దాన్ని ముందే లెక్కలో వేసుకుంటాను. జూన్‌లో మాత్రం దాదాపు అందరూ తిరిగి వస్తారు.

ఇంట్లో ఉండే ఆడవాళ్ల కోసం పదింటి బ్యాచ్ పెట్టాలనుకుంటే టిఫిన్ సంగతి చూసుకోండి. తొమ్మిదికి ఇడ్లీ తిని పదింటికి ముందుకు వంగితే కడుపులో తిప్పుతుంది. నేను తొమ్మిదింబావుకు మార్చి, ముందు కాఫీ, అరటిపండు మాత్రమే అన్నాను. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తమ సమయం మార్చుకోవాలి.

ఈ వారం ఆ ఐదుగురినీ కూర్చోబెట్టి, ఏ మూడు రోజులు కుదురుతాయో, ఎవరి అపార్ట్‌మెంట్‌లో హాలు ఖాళీగా ఉందో అడగండి. నాకు ఇప్పుడున్న హాలు అలా ఒక మెంబరు చూపించిందే, అక్కడ ముహూర్తాల గొడవ లేదు.