ఫ్లష్ ట్యాంకు అడుగు నట్టు తిరగకపోతే కోసెయ్

చిరంజీవికి,

పాత ఫ్లష్ వాల్వు మార్చబోతే, ట్యాంకు అడుగున దాన్ని బిగించి పట్టుకున్న పెద్ద ప్లాస్టిక్ నట్టు కదలడం లేదని, పైపు రెంచితో గట్టిగా తిప్పమంటావా అని అడిగావు. వద్దు నాన్నా. పాత ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. రెంచి రెండు పక్కలా నొక్కితే నట్టు కోలగా వంగి మరలను ఇంకా బిగించి పట్టుకుంటుంది. అప్పుడు నువ్వు వేసే బలమంతా పింగాణీ రంధ్రం అంచు మీద పడుతుంది. ట్యాంకు చిట్లేది ఎక్కువగా అక్కడే.

నీళ్ల వాల్వు కట్టేసి, ఫ్లష్ చేసి, మిగిలిన నీళ్లు గుడ్డతో పీల్చెయ్. నీళ్లొచ్చే గొట్టం విప్పి, ట్యాంకును కమోడ్‌కు బిగించిన బోల్టులు తీసి, దాన్ని మడతపెట్టిన మందపాటి దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టు. నట్టు చుట్టూ ఉన్న మెత్తటి రబ్బరు రింగు లాగేస్తే నట్టు కనిపిస్తుంది. లోపల ఫ్లష్ వాల్వును ఒకరు కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే నట్టుతోపాటు అదీ తిరుగుతుంది. నట్టుకు ఎదురుగా నిలబడి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో చేత్తోనే తిప్పి చూడు. మరల్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి గంటో రెండు గంటలో ఉంచు. అప్పటికీ కదలకపోతే తిప్పడం ఆపెయ్.

ఎలాగూ పాత వాల్వు పారేసేదే కాబట్టి నట్టును కోసేద్దాం. హాక్సా బ్లేడు ఒక్కటే తీసుకుని, పట్టుకునే చివర గుడ్డ చుట్టు. నట్టు పక్క భాగాన బయటి అంచు నుంచి పింగాణీ వైపు, వాల్వు గొట్టం వెంబడి తిన్నగా కొయ్. లోపలి మరల్లోకి కాస్త దిగినా ఫర్వాలేదు. కానీ పింగాణీకి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే ఆగాలి. అక్కడికి దగ్గరయ్యేకొద్దీ చేయి నెమ్మదించు. ప్లాస్టిక్ పొట్టు రాలుతున్నంతసేపూ ఇబ్బంది లేదు, కీచుమన్న శబ్దం వస్తే మాత్రం పింగాణీ తగిలినట్టే. ఎదురుగా కూడా అలాంటి గాటే పెట్టు.

ఇప్పుడు బల్లపరుపు మొన ఉన్న స్క్రూడ్రైవర్‌ను గాటులో పెట్టి మెల్లగా మెలితిప్పు. మొనకు రెండు పక్కలా ప్లాస్టిక్కే ఉండాలి. పింగాణీని ఆసరా చేసుకుని ఎగదోయొద్దు, సుత్తి అసలు ముట్టుకోవద్దు. మిగిలిన పలచటి పొర టప్పున విరిగి నట్టు రెండు ముక్కలవుతుంది. విరగకపోతే బలం పెంచకు, గాటు ఇంకొంచెం లోతు చెయ్.

వాల్వు ఊడాక రంధ్రం అంచు శుభ్రంగా తుడిచి, రంగు కలిపిన నీళ్లు రాసి మళ్లీ తుడువు. సన్నటి గీత మిగిలితే అది పగులే. అలాంటి ట్యాంకును అతికించి వాడొద్దు, మార్చాల్సిందే.

కొత్త వాల్వు వాషరు ట్యాంకు లోపలి వైపే ఉండాలి. నట్టును చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆపైన పావు చుట్టు చాలు. సీలెంటు పూయకు. నట్టు మీద రబ్బరు రింగు తొడిగి, ట్యాంకు బిగించి నిండుగా నీళ్లు పట్టాక అడుగున పొడి కాగితం ఒత్తి చూడు. తడిస్తే నీళ్లు ఖాళీ చేసి, ట్యాంకు దించి నట్టు ఇంకో పావు చుట్టు తిప్పు. అయినా కారుతుంటే వాషరు వంకరగా కూర్చుందని అర్థం. విప్పి సరిచెయ్, ఇంకా బిగించకు.

నీ పెదనాన్న