పుస్తకాల్లో రాయని వడ్డీని వదులుకున్నట్టేనా?

ప్రశ్న: పన్నెండేళ్లుగా సొంత మనుషుల్లా చూసుకున్న కస్టమర్ కంపెనీ మా 60 లక్షల సరుకు డబ్బు కోసం ఏడాది తిప్పించుకుంది. ఇన్‌వాయిస్ గడువు 2024 మే 10. అదే ఏడాది నవంబరు 10న 40 లక్షలు, 2025 మే 10న మిగతా 20 లక్షలు ఇచ్చారు. గడువు దాటితే ఏడాదికి 18 శాతం వడ్డీ అని ఇన్‌వాయిస్ అడుగున అచ్చు వేసి ఉంటుంది. వసూలవుతుందన్న నమ్మకం లేదని మా ఆడిటర్ ఆ వడ్డీని పుస్తకాల్లో రాయనివ్వలేదు. ఇప్పుడు అడిగితే, ‘మీ పుస్తకాల్లోనే లేదు, పైగా బాకీ ఏమీ లేదని జూన్‌లో మీ కంపెనీయే ధ్రువీకరణ పంపింది’ అంటున్నారు. అప్పు తెచ్చి జీతాలు ఇచ్చిన నాకు ఇంత అన్యాయమా? పాత తేదీలతో డెబిట్ నోట్లు తయారుచేయించమని ఒకరు సలహా ఇచ్చారు. చేయించమంటారా?

జవాబు: పన్నెండేళ్ల స్నేహం గురించి కోర్టు అడగదు. మీ ఉత్తరంలో మీరు దారిన పోతూ చెప్పిన జూన్ ధ్రువీకరణ దగ్గరే కేసు అటో ఇటో తేలుతుంది. పుస్తకాల్లో వడ్డీ లేదన్న వాదన చూడటానికి పెద్దదిగా ఉంటుంది గానీ, దానిలో బలం తక్కువ.

ముందు ఆ వాదన సంగతి చూద్దాం. మీ ఆడిటర్ తప్పు చేయలేదు. ఆదాయాన్ని ఎప్పుడు రాయాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం 9 వడ్డీని పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. డబ్బు చేతికొస్తుందని సహేతుకమైన నిశ్చయం లేనప్పుడు ఆ ఆదాయాన్ని రాయడం వాయిదా వేయమంటుంది. రాబడిని వాయిదా వేసుకోవడం వేరు, హక్కును వదులుకోవడం వేరు. హక్కు మీకూ కస్టమర్‌కూ మధ్య కుదిరిన షరతు నుంచి పుడుతుంది, మీ చిట్టా నుంచి కాదు. సాక్ష్య చట్టం కూడా ఇదే దారిలో ఉంది. క్రమంగా నడిచే ఖాతా పుస్తకాల పద్దులు సాక్ష్యంగా పనికొస్తాయి, కానీ అవి ఒక్కటే ఎవరి మీదా బాధ్యత మోపలేవని భారతీయ సాక్ష్య అధినియం 28వ సెక్షన్ చెబుతుంది. మీరు రాసుకున్నంత మాత్రాన అవతలివాడు బాకీదారు కాడు. అలాంటప్పుడు మీరు రాయకపోయినంత మాత్రాన అతను రుణవిముక్తుడు ఎలా అవుతాడు?

ఇంకో మాట. రాబడిని ఎందుకు వాయిదా వేశారో ఖాతాల నోట్లలో వెల్లడించాలని అదే ప్రమాణం కోరుతుంది. మీ 2024-25 ఆర్థిక నివేదిక తీసి చూడండి. ‘గడువు దాటిన బిల్లుల మీద వడ్డీని వసూలు నిశ్చయమైనప్పుడే పరిగణిస్తాం’ అనే వాక్యం ఉంటే, ఆ ఒక్క పేజీ మీకు దొరికే మంచి సాక్ష్యం. వడ్డీ మనసులో ఉందనీ, వదిలేయలేదనీ గొడవ మొదలుకాకముందే రాసిపెట్టినట్టు అవుతుంది.

ఇక జూన్ ధ్రువీకరణ. ఇక్కడ మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. వడ్డీ అడగాలని ఉన్నవారు ‘మీ వద్ద మాకు రావలసింది ఏమీ లేదు’ అన్న కాగితాన్ని చదవకుండా బయటికి ఎలా పంపనిచ్చారు? ‘మా ఖాతాల ప్రకారం, వడ్డీ హక్కుకు భంగం లేకుండా’ అన్న నాలుగు మాటలు చేర్చి ఉంటే ఈ తగాదాకు చోటే ఉండేది కాదు. అయినా అంతా పోయిందని కాదు. తెలిసి, ఉద్దేశపూర్వకంగా హక్కును విడిచిపెడితేనే అది మాఫీ. అందువల్ల ఆ కాగితంలోని అసలు మాటలు కావాలి. ‘2025 మే నెలాఖరుకు మా లెడ్జర్ నిల్వ సున్నా’ అని ఉంటే అది లెక్క నిజంగా ఎంత ఉందో చెప్పినట్టే, ఎందుకంటే లెడ్జర్‌లో వడ్డీ ఎక్కలేదు. ‘మా క్లెయిములన్నీ తీరిపోయాయి’ అని ఉంటే గెలుపు కష్టం. ఎవరు సంతకం చేశారు, ఏ అధికారంతో చేశారు అన్నది కూడా చూడాలి. లెక్కల గుమాస్తాకు లక్షల రూపాయలు మాఫీ చేసే అధికారం సాధారణంగా ఉండదు.

తర్వాతి చిక్కు 18 శాతం. ఇన్‌వాయిస్ మీద మీరు అచ్చు వేసినది మీ మాట. అవతలివాడు ఒప్పుకున్నాడని చూపాలి. పర్చేజ్ ఆర్డర్‌లో వడ్డీ ఉందా? ఇన్‌వాయిస్ ప్రతి మీద వాళ్ల సంతకం, ముద్ర ఉన్నాయా? అంతకుముందు ఎప్పుడైనా అదే రేటుకు వడ్డీ కట్టారా? ఏవీ లేకపోతే 18 శాతం నిలవకపోవచ్చు. అప్పుడు కూడా సరుకుల విక్రయ చట్టం 61వ సెక్షన్ కింద, తనకు సబబు అనిపించిన రేటుకు వడ్డీ ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. సరఫరాకు ముందే మీకు ఉద్యమ్ నమోదు ఉంటే వెంటనే చెప్పండి. సూక్ష్మ, చిన్న సంస్థల చట్టం కింద దారీ వేరు, వడ్డీ రేటూ వేరు.

ఒప్పందం రుజువైందనుకుంటే లెక్క ఇలా వస్తుంది. 60 లక్షల మీద ఆరు నెలలకు 5,40,000. మిగిలిన 20 లక్షల మీద మరో ఆరు నెలలకు 1,80,000. మొత్తం 7,20,000 రూపాయలు. చక్రవడ్డీ లెక్కించకండి, మీ ఇన్‌వాయిస్‌లో ఆ మాట లేదు. వచ్చిన 40 లక్షలను ముందు వడ్డీకి జమచేసి లెక్క పెంచే ఆలోచన కూడా వద్దు. ఆ సొమ్మును అసలుకే జమచేసినట్టు మీ లెడ్జర్ చెబుతోంది.

కాలపరిమితి మూడేళ్లు. ఎక్కడి నుంచి లెక్కించాలో వాదించుకునే పరిస్థితి తెచ్చుకోకుండా, వడ్డీ మొదలైన 2024 మే 11 నుంచే లెక్కేసి 2027 మే 10 లోపు దావా వేయండి. ఫోనులో ఇచ్చిన హామీలకూ, మీరు పంపే లీగల్ నోటీసుకూ గడువు ఆగదు. గడువు లోపల వాళ్లు సంతకం చేసి బాకీని ఒప్పుకుంటూ రాసిస్తేనే కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి.

పాత తేదీల డెబిట్ నోట్ల జోలికి పోవద్దు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఏ తేదీన జరిగిందో నమోదయ్యే ఏర్పాటు 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. అవతలి న్యాయవాది ఆ జాబితాను తెప్పించమని ఒక్క దరఖాస్తు పెడితే చాలు. సివిల్ దావాలో వాదిగా ఉన్న మీరు, దొంగ సాక్ష్యం సృష్టించిన నేరంలో నిందితులవుతారు. సలహా ఇచ్చిన ఆ పెద్దమనిషి అప్పుడు కనిపించడు.

చేయవలసినది ఇది. ఈ రోజు తేదీతోనే వడ్డీ లెక్క జతచేసి నోటీసు పంపండి. ధ్రువీకరణ లెడ్జర్ నిల్వకే పరిమితమని (అందులోని మాటలు దానికి వీలిస్తే) నోటీసులోనే చెప్పండి. పర్చేజ్ ఆర్డర్లు, సరుకు అందిన రశీదులు, ఈమెయిళ్లు సేకరించండి. కంప్యూటర్ నుంచి తీసే ప్రతులకు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. ఇది సరుకు అమ్మకం మీద వచ్చిన వాణిజ్య వివాదం, దావా విలువ కూడా మూడు లక్షలు దాటింది. అత్యవసర ఉత్తర్వులేవీ కోరడం లేదు కాబట్టి దావాకు ముందు న్యాయసేవల సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. ఆ కాలాన్ని గడువు లెక్క నుంచి మినహాయిస్తారు. ఇలాంటి కేసులు అక్కడే ఎక్కువో తక్కువో ఒక అంకెకు కుదరవచ్చు.

అక్కడ ఐదు లక్షలకు కుదిరి వాళ్లు సంతకం చేసి, ఇచ్చే స్తోమత కూడా ఉంటే, ఆ ఐదు లక్షలను అప్పుడు ఆదాయంగా రాయించండి. జీఎస్టీ ఆ వడ్డీ మీద కూడా పడుతుంది, అయితే అది చేతికి వచ్చిన తేదీకే. ఆదాయపు పన్నుకు మాత్రం వేరే ప్రమాణాలు ఉన్నాయి. అక్కడ వడ్డీని కాలం గడిచే కొద్దీ లెక్కించమంటారు కాబట్టి, పుస్తకాల్లో లేదని నిశ్చింతగా ఉండకుండా 2024-25 రిటర్న్ సంగతి ఆడిటర్‌ను విడిగా అడగండి. జూన్ ధ్రువీకరణ ప్రతి నాకు పంపితే, అందులోని మాటలు చూశాక నోటీసు ముసాయిదా రాద్దాం.