మ్యాచ్ ముందు ఆడ్స్ తిరగబడితే ఫిక్సింగ్ అనుకోవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం అన్నా. మొన్న ఒక కౌంటర్ స్ట్రైక్ 2 వీడియో గేమ్ మ్యాచ్‌కి అరగంట ముందు ఫేవరెట్ టీమ్ ఆడ్స్, అదే పందెం రేటు, 1.40 నుంచి 1.95కి పోయాయి, తర్వాత ఆ టీమ్ ఓడిపోయింది కూడా. మావాళ్ళంతా ఫిక్సింగే అంటున్నారు. నిజంగా ఆడ్స్ చూసి చెప్పేయొచ్చా?

ఫిక్సింగ్ అని చెప్పలేం తమ్ముడూ. ఎవరికో ఏదో ముందే తెలిసింది అని మాత్రం చెప్పొచ్చు. ఆ తెలిసింది ఏంటి, డబ్బులు తీసుకుని ఓడిపోతున్నారనా, లేకపోతే వాళ్ళ మెయిన్ ప్లేయర్‌కి జ్వరం వచ్చి ఆడట్లేదనా అన్నది ఆ నంబర్‌లో కనపడదు. నేను భీమవరం వచ్చేయకముందు హైదరాబాద్‌లో ఈస్పోర్ట్స్ ఆడ్స్ మీద కన్నేసి ఉంచే కంపెనీలో నైట్ షిఫ్ట్‌లు చేశాను, పనంతా ఇదే, అలర్ట్ వస్తే ఎందుకొచ్చిందో వెతికి రాయడం. వాటిలో ఎక్కువ శాతం ఉత్త అలర్ట్‌లే.

ముందు నీ నంబర్లు చూద్దాం. 1.40 అంటే వందని దాంతో భాగిస్తే 71, అవతలి టీమ్ 2.90 ఉంటే 34న్నర, రెండూ కలిపితే దగ్గర దగ్గర 106. ఆ పైన ఉన్న ఆరు బుకీ మార్జిన్, అది తీసేస్తే ఫేవరెట్ గెలిచే ఛాన్స్ 67 శాతం అని మార్కెట్ అనుకుంటోంది. తర్వాత 1.95, 1.85 అయ్యాయనుకో, అదే లెక్కలో 49కి వస్తుంది. అరగంటలో 18 పాయింట్లు పడిపోయాయి అంటే చిన్న విషయం కాదు. కానీ కింది డివిజన్ టీమ్‌లో స్నైపర్ గన్ పట్టే మెయిన్ ఆవ్పర్ లేక వేరే ఎవరినో బదులుగా దింపితే కూడా ఇంత పడొచ్చు, అందుకే మేం అలర్ట్ రాగానే మొదట తెరిచేది హెచ్ఎల్‌టీవీ అనే కౌంటర్ స్ట్రైక్ వెబ్‌సైట్‌లో లైనప్. చాలాసార్లు కథ అక్కడే అయిపోయేది. మన బరుల దగ్గర కోడిని దించకముందే పై పందేల రేటు మారిపోద్ది చూడు, పుంజు కాలు తేడాగా పెడుతోందని ఎవడో దగ్గర్నుంచి చూసుంటాడు, అంతమాత్రాన పుంజుని అమ్మేశారని కాదుగా.

ఇంకోటి, చిన్న మ్యాచ్‌ల మీద బుకీలు పెట్టనిచ్చే మొత్తమే తక్కువ, మార్కెట్‌లో డబ్బు పల్చగా ఉంటుంది, అందుకని ఒక్కడు గట్టిగా పెట్టినా రేటు ఊగిపోద్ది, అది చూసి మిగతా సైట్లు కాపీ కొడతాయి, బయట నుంచి చూసేవాడికి ప్రపంచమంతా ఒకేసారి కదిలినట్టు ఉంటుంది. నిజానికి కదిలింది ఒక్కడి డబ్బే అవ్వచ్చు.

మరి అనుమానం ఎప్పుడు రావాలంటే, ఒకే మ్యాచ్ మీద ఉన్న మార్కెట్లు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు. నాకు బాగా గుర్తున్న కేస్ చెప్తాను, టీమ్‌ల పేర్లు వద్దులే. ఆన్‌లైన్ లీగ్, బెస్ట్ ఆఫ్ త్రీ, అంటే మూడు మ్యాప్‌లలో రెండు గెలిచినవాళ్ళదే మ్యాచ్. మ్యాచ్ విన్నర్ మార్కెట్‌లో ఫేవరెట్ 1.40 దగ్గర కదలకుండా ఉంది, కానీ మొదటి మ్యాప్ విన్నర్ మాత్రం 1.50 నుంచి 1.90కి జారిపోయింది. టీమ్ నిజంగా వీక్ అయితే రెండూ కలిసి కదలాలి కదా. సరే ఏ మ్యాప్‌లు ఆడాలో టీమ్‌లు ఎంచుకునే వీటో వల్లేమో, మొదటిది అవతలివాళ్ళ పిక్ అయితే అలా ఉండొచ్చు అని చూశాం. కాదు, ఫేవరెట్ సొంత పిక్కే. లైనప్ కూడా ఎప్పుడూ ఆడే అయిదుగురే. అంటే ఎవరో మ్యాచ్ గురించి కాదు, ఆ ఒక్క మ్యాప్ గురించే తెలిసినట్టు పెడుతున్నారు. ఫిక్సింగ్ చేసేవాళ్ళకి ఇది తెలివైన దారి కూడా, ఒక మ్యాప్ వదిలేసి మ్యాచ్ గెలిస్తే లీగ్ టేబుల్‌లో టీమ్‌కి పెద్దగా నష్టం లేదు, ఎవడూ తిట్టడు.

తర్వాత లైవ్‌లో ఇంకా విచిత్రం. ఫస్ట్ హాఫ్‌లో ఫేవరెట్ ఎటాక్ చేసే టీ సైడ్ ఆడి 8-4తో ముందుంది, ఇంక డిఫెండ్ చేసే సీటీ సైడ్ ఉంది, మ్యాప్ గెలవడానికి కావాల్సిన 13 రౌండ్లకి ఇంకో అయిదు చాలు. అలాంటప్పుడు వాళ్ళ రేటు 1.15, 1.20కి దిగాలి. అది 1.60 దగ్గర మొండికేసింది, దించితే చాలు అవతలి వైపు డబ్బు వచ్చి పడేది, బుకీలు మార్కెట్ ఆపడం తెరవడం ఆపడం. స్కోర్ ఒకటి చెప్తుంటే డబ్బు దానికి అడ్డంగా నిలబడటం, నా వరకు అన్నిటికంటే బలమైన గుర్తు అదే. చివరికి ఆ మ్యాప్ 11-13తో పోగొట్టుకుని మిగతా రెండూ గెలిచారు. మేం టైమ్‌లతో సహా రిపోర్ట్ రాసి పంపాం. అంతే, ఎవరి మీదా ఏమీ తేలినట్టు నాకు తెలియలేదు, పోనీ డెమో, అదే మ్యాచ్ రికార్డింగ్, చూస్తే ఏమైనా దొరికేదా అంటే ప్రో ప్లేయర్ బుల్లెట్ మిస్ అవ్వడం కావాలనా కాదా ఎవడు చెప్తాడు.

లైవ్ ఆడ్స్ చూసి మోసపోయే చోటు కూడా ఒకటుంది. నువ్వు చూసే స్ట్రీమ్ వెనక నడుస్తుంది, ఒక్కోసారి నిమిషం పైనే. బుకీలకి స్కోర్ డేటా నేరుగా ముందే వస్తుంది. అందుకే రౌండ్ పోకముందే రేటు మారిపోయింది చూశావా అని వీడియోలు పెడతారు, రౌండ్ అక్కడ ఎప్పుడో పోయింది, నీకే ఇంకా కనపడలేదు.

ఫిక్సింగ్ రుజువైన రెండు పెద్ద కేసులు తీసుకో, రెండూ ఒక్క ఆడ్స్ వల్లే తేలలేదు. 2014 ఆగస్టులో ఐబైపవర్ అనే అమెరికా కౌంటర్ స్ట్రైక్ టీమ్ నెట్‌కోడ్‌గైడ్స్ అనే టీమ్ చేతిలో 4-16తో ఓడిపోయింది, అప్పట్లో పందేలు గేమ్ స్కిన్‌లతో, అంటే గేమ్‌లో తుపాకుల మీద వేసే డిజైన్‌లతో. అనుమానం ఉంది గానీ 2015 జనవరిలో జర్నలిస్ట్ రిచర్డ్ లూయిస్ మెసేజ్‌లు బయటపెట్టాక, స్కిన్‌లు ఎవరి అకౌంట్ నుంచి ఎవరికి వెళ్ళాయో ఆ గేమ్ తయారుచేసిన వాల్వ్ కంపెనీ తన రికార్డుల్లో చూశాకే బ్యాన్‌లు పడ్డాయి. 10,000 డాలర్ల పైన విలువైన స్కిన్‌లు చేతులు మారాయి, వాటా అందని ఒక ప్లేయర్‌ని వదిలేశారు. కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ గేమ్ ఛాంపియన్, లైఫ్ అనే పేరుతో ఆడే ప్లేయర్ కూడా 2015లో రెండు మ్యాచ్‌లు అమ్ముకుని 7 కోట్ల వోన్‌లు తీసుకున్నాడని కోర్టులోనే తేలింది. ఆడ్స్ ఎక్కడ వెతకాలో చూపిస్తాయి, పట్టుకునేది డబ్బు జాడే.

ఇక మీవాళ్ళు చూస్తున్న యాప్ సంగతి. టెలిగ్రామ్ లింక్‌తో వచ్చిందైతే అందులో రేటు మారిందంటే దానికి పెద్ద మార్కెట్‌తో సంబంధం ఉండాలనే లేదు, వాళ్ళ దగ్గర ఒకవైపు ఎక్కువ పెట్టారని వాళ్ళే మార్చుకుని ఉండొచ్చు. ఆంధ్రాలో 2020 నుంచి ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది, ఈస్పోర్ట్స్ ఆడటాన్ని గుర్తించి దాని మీద పందెం కట్టడాన్ని ఆపేసింది, కాబట్టి వాళ్ళు మ్యాచ్ అనుమానంగా ఉందని చెప్పి నీ డబ్బులు ఆపేసినా అడిగే దిక్కు ఉండదు. రేటు ఎటు జారితే అటే పెట్టేద్దాం అనుకుంటున్నారేమో, నీకు కనపడే టైమ్‌కి మంచి రేటు ఎవడో తినేసి ఉంటాడు, నువ్వు కొనేది 1.85.

అనుమానం గట్టిగా ఉంటే టైమ్ కనపడేలా స్క్రీన్‌షాట్‌లు తీసి, మ్యాచ్ విన్నర్, మ్యాప్ విన్నర్ రెండూ పక్కపక్కన పెట్టి, టోర్నమెంట్ నిర్వాహకులకి గానీ, ఈస్పోర్ట్స్‌లో మోసాల మీద విచారణ చేసే ఈఎస్ఐసీ సంస్థకి గానీ పంపు. వాళ్ళ దగ్గర బుకీల లెక్కలు ఉంటాయి, మన దగ్గర ఉండవు. ఈలోపు ప్లేయర్ పేరు పెట్టి గ్రూపుల్లో దొంగ అని రాయకండి, ఆ రోజు వాడికి నిజంగానే జ్వరమేమో.