ముందు తుడవండి, తర్వాత బొట్టు పెట్టండి

ప్రశ్న: "మాది రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, వెల్డింగ్ సెట్ ఉన్న చిన్న షాపు. ఈ ఏడాదే పెట్టాం. దసరా నవమి నాడు పనిముట్లకు, బండికి, పుస్తకాలకు పూజ చేయాలంటే ఏమేం సిద్ధం చేసుకోవాలి?"

పసుపు, కుంకుమ, గంధం, తమలపాకులు, కొబ్బరికాయ, కర్పూరం. ఈ జాబితా ఏ పూజా సామాన్ల కొట్టుకు వెళ్లినా మీరు నోరు తెరవకముందే కట్టి ఇస్తారు. మీకు నిజంగా కావలసినవి ఆ కొట్టులో దొరకవు. ఐదు లీటర్ల డీజిల్, రెండు కిలోల వేస్ట్ కాటన్, రెండు గట్టి బ్రష్షులు, ఒక లీటరు 68 గ్రేడు స్లైడ్‌వే ఆయిల్. ఇవి అష్టమి నాటికి మీ షాపులో ఉంటే సగం పూజ అయిపోయినట్లే. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా లేత్ నడుపుతున్నాను. ఈ సంగతి నాకు పంతులుగారు చెప్పలేదు, తుప్పు చెప్పింది.

పదేళ్ల పైమాట. మా పెద్ద లేత్‌కు ఆరడుగుల బెడ్. ఆ ఏడాది కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లు మంచి భక్తిపరులు. పసుపు నీళ్లలో చిక్కగా కలిపి, బెడ్ పొడవునా జానెడుకొక బొట్టు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దారు. అప్పుడే నీళ్లు చల్లిన బంతిపూల దండ ఒకటి చక్‌కు, ఇంకొకటి టెయిల్‌స్టాక్‌కు వేశారు. పెళ్లికూతురిలా ఉంది మిషన్. నేనూ మురిసిపోయి ఫోటో తీసుకున్నాను. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. దశమి, దాని తర్వాత ఆదివారం, నవమితో కలిపి మొత్తం మూడు రోజులు షట్టర్ దించే ఉంది.

తిరిగి వచ్చి ఎండిన పసుపు గీకితే ప్రతి బొట్టు కిందా గుండ్రటి గోధుమరంగు మచ్చ. దండ ఆనిన చోట టెయిల్‌స్టాక్ బ్యారెల్ చుట్టూ తుప్పు ఉంగరంలా పట్టింది. చక్రం తిప్పితే బ్యారెల్ సగం దూరం వచ్చి బిగుసుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది. తప్పు దిద్దుకోవాలని ఆ ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు నన్ను అడగకుండా ఎమరీ కాగితం తీసుకుని బెడ్‌ను మిలమిలా రుద్దేశాడు. ఆ పొడి సాడిల్ కిందకు చేరింది. సాడిల్ అటూ ఇటూ జరిగిన ప్రతిసారీ అది బెడ్‌ను అరగదీస్తూనే ఉంది. ఏడాది తిరిగేసరికి పొడవాటి షాఫ్టు తిప్పితే చక్ వైపు ఒక కొలత, ఆ చివర ఇంకో కొలత. "మిషన్ పాతదండీ, పూజ వల్ల కాదు" అని మా మేస్త్రి ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. ఆ దసరాకు ముందు అదే మిషన్ మీద తిప్పిన షాఫ్టులు ఎవరూ వెనక్కి తేలేదు.

కారణంలో పెద్ద రహస్యం లేదు. బెడ్ పోత ఇనుము. దాని జారే ముఖాలకు రంగు ఉండదు, సన్నని ఆయిల్ పొర ఒక్కటే కాపాడుతుంది. నీళ్లతో కలిపిన పసుపు ఆ పొరను పక్కకు నెట్టి లోహానికి అంటుకుంటుంది. పైన ఎండినట్లు కనిపించినా అడుగున తడి పట్టుకునే ఉంటుంది. బంతిపూల దండ అంతకంటే ఘోరం, అది తడిగుడ్డ చుట్టినట్లే. దసరా మన దగ్గర వాన పూర్తిగా పోని రోజుల్లో వస్తుంది కాబట్టి గాలిలో తేమకు కొదవ ఉండదు.

అందుకని మా షాపులో ఇప్పుడు ఒకటే నియమం. బొట్టు రంగు ఉన్న చోటే. హెడ్‌స్టాక్ మూత మీద, మోటారు కవచం మీద, డ్రిల్లింగ్ మిషన్ స్తంభం మీద కాకుండా దాని తల మీద పెట్టుకోవచ్చు. బెడ్, లీడ్ స్క్రూ, చక్ దవడలు, టెయిల్‌స్టాక్ బ్యారెల్, వైస్ లోపలి ముఖాలు మాత్రం వద్దు. వెర్నియర్‌కు, మైక్రోమీటర్‌కు వాటి పెట్టెల మీదే బొట్టు. గంధం నీళ్లు పోసి పలుచన చేయకుండా గట్టిగా అరగదీయండి. దండ మెషిన్ ముందు బల్లకు కట్టండి, మెషిన్‌కు కాదు. అమ్మవారు అలుగుతుందని భయమా? ఆ రోజు ఇంద్రకీలాద్రి మీద ఆవిడ మహిషాసురమర్దనిగా దర్శనమిస్తుంది. చేతిలో ఆయుధానికి తుప్పు పట్టనిస్తుందా?

మచ్చ ఇప్పటికే పడి ఉంటే ఎమరీ జోలికి పోకండి. నూనె గుడ్డతో తుడిచి గోటితో అడ్డంగా గీయండి. గోరు జారిపోతే అది మరక మాత్రమే, డీజిల్‌తో నానబెట్టి గుడ్డతో రుద్దితే చాలావరకు పోతుంది. గోరు తట్టుకుంటే గుంట పడినట్లు. అప్పుడు అంచులు మాత్రం మెత్తని ఆయిల్ స్టోన్‌తో, నూనె వేసి, తేలికగా సరిచేసి వదిలేయండి. గుంటను పూర్తిగా పోగొట్టాలని చూస్తే చుట్టూ ఉన్న మంచి లోహం కూడా పోతుంది.

అష్టమి మధ్యాహ్నం నుంచి కొత్త పని తీసుకోను. ముందు మెయిన్ ఆపుతాం. ఇనుప రజను చేత్తో కాదు, బ్రష్షుతో తీయాలి. కంప్రెసర్ గాలి కొడితే రజను సాడిల్ కిందకు దూరుతుంది, కళ్లలోనూ పడుతుంది. తర్వాత కూలెంట్ తొట్టి ఖాళీ చేస్తాం. ఏడాదిలో దాని అడుగు చూసేది ఈ ఒక్క రోజే, ఆ వాసన గురించి ఇక్కడ రాయను. డీజిల్ గుడ్డతో జిడ్డు తీసి, పొడి గుడ్డతో తుడిచి, బెడ్ మీద స్లైడ్‌వే ఆయిల్ వేసి సాడిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు చేత్తో నడపాలి. ఆయిల్ లోపలికంటా పాకేది అప్పుడే. రెండు లేత్‌లకు మనిషికి ఒకటి చొప్పున మూడు గంటలు పడుతుంది.

ఈ ఉత్సాహంలో ఒక ప్రమాదం ఉంది. మీకు గ్యాస్ కటింగ్ ఉంటే తప్పక చదవండి. అన్నీ తళతళలాడాలని కుర్రాళ్లు అదే నూనె గుడ్డతో ఆక్సిజన్ సిలిండర్ రెగ్యులేటర్ కూడా తుడిచేస్తారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోవచ్చు. దాన్ని శుభ్రమైన పొడి గుడ్డతో, జిడ్డులేని చేతులతో మాత్రమే తుడవాలి. బొట్టు సిలిండర్ ఒంటికి, కింది భాగంలో పెట్టండి, వాల్వు దగ్గరకు పోవద్దు. అలాగే డీజిల్‌తో తడిసిన కాటన్ అంతా మూత ఉన్న డబ్బాలో వేసి బయట పెట్టాకే కర్పూరం వెలిగించండి. షాపులో హారతి ఒక్కచోటే, పటం ముందు. ప్రతి మిషన్‌కూ పళ్లెం తిప్పుతూ తిరగడం మా దగ్గర మానేశాం. మామిడాకుతో నీళ్లు చల్లేవారికి స్టార్టర్ బోర్డు ఎక్కడుందో ముందే చూపించండి.

పనిముట్లన్నీ ఒక పాత దుప్పటి మీద వరుసగా పేర్చుతాం. పానాలు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, ఆకురాళ్లు, సుత్తులు, డ్రిల్ బిట్లు. పేర్చితే ఏది లేదో తెలుస్తుంది. ప్రతి ఏడాదీ 14-15 పానా ఉండదు. ఎక్కడికి పోతుందో నాకు తెలియదు, పక్క షాపువాడికి తెలుసు. అష్టమి సాయంత్రం మా వీధిలో అందరూ అందరివీ తిరిగి ఇచ్చుకుంటారు. పూజలో లోటు ఉండకూడదన్న భయం తప్ప ఇంకే భయానికీ ఆ పానాలు వెనక్కి రావు. విరిగిన పిడులు, తల పుట్టగొడుగులా విచ్చుకున్న ఉలులు కూడా ఆ దుప్పటి మీదే బయటపడతాయి. అలాంటి ఉలి తల మీద సుత్తి పడితే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. వాటిని పూజలో పెట్టకండి, తల గ్రైండ్ చేశాకే పెట్టండి.

పుస్తకాల సంగతి తేలిక. పిల్లల పుస్తకాలు చాలా ఇళ్లలో మూలా నక్షత్రం నాడే సరస్వతి ముందు పెడతారు. షాపులో పెట్టాల్సినవి జాబ్ రిజిస్టరు, బిల్లు పుస్తకం, బాకీల పుస్తకం. బాకీల పుస్తకానికి నేను కాస్త మందంగానే బొట్టు పెడతాను, ఇప్పటిదాకా ఫలితం కనపడలేదు. బొట్టు అట్ట మీదే పెట్టండి. పార్టీలు ఇచ్చిన డ్రాయింగులు అసలు పెట్టవద్దు. కుంకుమ చుక్క పడి దశాంశ బిందువు కనిపించకపోతే ఆ జాబ్ తుక్కుకే.

బండికి పసుపు కుంకుమలు, దండ, చక్రాల కింద నిమ్మకాయలు సరిపోతాయి. నిమ్మకాయలు తొక్కించాక తీసేయండి. బూడిద గుమ్మడికాయ విషయంలో మాత్రం నాకు కోపం ఆగదు. దాన్ని నడిరోడ్డు మీద పగలగొట్టి ముక్కలు అక్కడే వదిలేసి లోపలికి వచ్చి ప్రసాదం తింటారు. వెనకాల వచ్చే స్కూటరు ఆ గుజ్జు మీద జారుతుంది. మన దిష్టి తీసి ఇంకొకరికి తగిలించడం ఏ శాస్త్రం? గుమ్మం పక్కన కొట్టండి, వెంటనే ఊడ్చేయండి.

నవమి తిథి ఏ పూట ఉందో మీ పంచాంగం చూసుకోండి. 2025లో నవమి పూజ అక్టోబరు 1న, దసరా 2న వచ్చాయి. అన్నేళ్లూ అంత సాఫీగా ఉండదు, ఒక్కోసారి నవమి మధ్యాహ్నం మొదలై మర్నాటికి సాగుతుంది. తెలంగాణలో చాలామంది వాహనాలకు దశమి నాడే పూజ చేస్తారు, అదీ తప్పు కాదు. పూజ అయ్యాక మర్నాడు ఉద్వాసన చెప్పేవరకు పనిముట్టు కదపకూడదన్న నియమం మాత్రం వదలకండి. దశమి ఉదయం మంచి గడియ అని మిషన్ తిప్పేముందు దండలు, దారాలు తీశారా, చక్ తాళం చక్‌లోనే ఉండిపోయిందా చూసుకోండి. ఉండిపోయిన తాళం మిషన్ తిరగ్గానే బాణంలా వస్తుంది. బొట్లు తుడిచి, బెడ్ మీద మళ్లీ ఒక పొర ఆయిల్ రాసి అప్పుడు మూయండి.

ఇక నవమి నాడు ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. "ఒక్క బుష్షు అన్నా, పది నిమిషాల పని, లారీ ఆగిపోయింది" అంటారు. ముందు నేను కరిగిపోయేవాణ్ణి. ఇప్పుడు మెయిన్ ఫ్యూజులు పీకి అమ్మవారి పటం ముందు పళ్లెంలో పెడుతున్నాను. వచ్చినవాడికి ఆ పళ్లెం చూపించి పులిహోర పొట్లం చేతిలో పెడతాను. పులిహోర తిని, లారీ దగ్గరకు వెళ్లి పడుకుంటాడు.